నాలుగు చుక్కల తేడాతో పాలు వెనక్కి: మా పాల కేంద్రంలో ఎసిడిటీ పరీక్ష సరిచేస్తున్న డైరీ

ఏప్రిల్ చివర్లో

మా బావ ప్రకాశం జిల్లాలో ఒక పాల సేకరణ కేంద్రం నడుపుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దునా సాయంత్రం పాలు వస్తాయి, ఎక్కువగా గేదె పాలు, కొంచెం ఆవు పాలు. అన్నీ వెయ్యి లీటర్ల బల్క్ కూలర్‌లో పోసి చల్లబరిచి పెడితే చిల్లింగ్ సెంటర్ ట్యాంకర్ వచ్చి పట్టుకుపోతుంది. ఫ్యాట్ దగ్గర, కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం చెప్పే ఎస్‌ఎన్‌ఎఫ్ దగ్గర పెద్దగా గొడవలు ఉండవు, మిషన్ అంకె చూపిస్తుంది, స్లిప్పు వస్తుంది, రైతు తీసుకుని వెళ్లిపోతాడు. గొడవంతా ఎసిడిటీ, అంటే పాల పులుపు చూసే పరీక్ష దగ్గరే. ఆ పరీక్షలో రంగు ఎప్పుడు మారిందో మనిషి కంటితో చూసి చెప్పాలి, ఆ మాట మీద క్యాను మొత్తం వెనక్కి పోతుంది. ఎండలు ముదిరాక రోజూ ఎవరో ఒకరు "ఇప్పుడే పిండి తెచ్చా, పుల్లబడ్డం ఏంటి?" అని కౌంటర్ దగ్గర నిలబడుతున్నారు.

నేను డెయిరీ టెక్నాలజీ చదివి కొన్నేళ్లు ల్యాబ్‌లో పనిచేశాను. ఈ వేసవి ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి ఆ పరీక్ష బల్లను నాకు అప్పజెప్పమని బావని అడిగాను. వచ్చిన అంకెని రైతుకీ, చిల్లింగ్ సెంటర్‌కీ ఇద్దరికీ ధైర్యంగా చూపించగలగాలి, ఈ ప్రాజెక్టు అందుకోసమే. చేసిందంతా ఇక్కడ రాసుకుంటూ పోతాను.

ముందు పరీక్ష ఏంటో చెబుతాను. పది మిల్లీలీటర్ల పాలు పిప్పెట్‌తో తీసి తెల్ల పింగాణీ గిన్నెలో పోస్తాం. అందులో ఒక మిల్లీలీటరు ఫినాఫ్తలీన్ ద్రావణం వేస్తాం, రంగు మారి చూపించే ఇండికేటర్ అదే. బ్యూరెట్ అనే, కింద కుళాయి ఉన్న కొలత గీతల గొట్టంలో ఎన్ బై 9 బలం ఉన్న కాస్టిక్ సోడా ద్రావణం ఉంటుంది, దాన్ని చుక్కచుక్కగా వదులుతూ కలుపుతుంటే ఒక దశలో పాలు లేత గులాబీ రంగుకి తిరుగుతాయి. అక్కడ ఆపి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూస్తాం. ఎన్ బై 9 వాడటంలో ఉన్న సుఖం ఏంటంటే లెక్క కట్టే పని ఉండదు, వచ్చిన మిల్లీలీటర్లని పదితో భాగిస్తే అదే ఎసిడిటీ శాతం. ఒకటిన్నర మిల్లీలీటర్లు పడితే 0.15 శాతం. కొన్ని చోట్ల ఎన్ బై 10 ద్రావణం వాడతారు, అప్పుడు పది మిల్లీలీటర్ల పాలకి వచ్చిన అంకెని 0.09తో గుణించాలి. ఏ సీసాకి ఏ లెక్కో కలగాపులగం చేస్తే అక్కడే పది శాతం తప్పు వచ్చేస్తుంది, అందుకని వచ్చిన రోజే సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

చిల్లింగ్ సెంటర్ వాళ్లు మాకిచ్చిన హద్దు 0.16. దాటితే తీసుకోవద్దు. ఈ హద్దు డెయిరీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు బ్యూరెట్ నుంచి పడే ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు. అంటే చుక్కకి 0.005 శాతం. మంచి పాలు 0.15కీ, వెనక్కి పంపే 0.17కీ మధ్య ఉన్నది నాలుగు చుక్కలు. ఒక ఇంటికి ఆ పూట వచ్చే డబ్బు ఆ నాలుగు చుక్కల మీద ఆధారపడి ఉంది. ఇది టెస్టింగ్ చేసే కుర్రాడికి చెప్పినప్పుడు కాసేపు బ్యూరెట్ వంకే చూస్తూ ఉండిపోయాడు. అప్పటివరకూ అతను కుళాయి తిప్పి ధారగా వదిలి, బాగా ఎర్రబడ్డాక ఆపుతున్నాడు, ఎవరూ అతనికి సరిగ్గా నేర్పలేదు.

మే మొదట్లో, పిన్ని పాలు

మా వీధిలో ఒక పిన్ని ఉంది, రెండు గేదెలు, పూటకి ఎనిమిది లీటర్ల దాకా పోస్తుంది. ఇల్లు కేంద్రానికి నడిచి వచ్చే దూరం. ఆవిడ పాలు వారంలో రెండు సార్లు 0.17 అని వెనక్కి పంపారు. "నేను తెచ్చిన పాలు పొయ్యి మీద పెడితే పొంగాయిరా అబ్బాయ్, విరగలేదు, మీ మందేమో విరిగాయంటోంది" అంది. ఆ మాటని నేను పట్టించుకోకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే అది కూడా ఒక పరీక్షే. టెస్ట్ ట్యూబులో ఐదు మిల్లీలీటర్ల పాలు పోసి మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, గోడకి రేణువులు అంటాయేమో చూడటాన్ని సీఓబీ అంటాం. పాలలో ఎసిడిటీ బాగా పెరిగితే, ఇంచుమించు 0.20 దాటాక, ఈ ట్యూబులో విరుగుడు కనిపించడం మొదలవుతుంది. కాబట్టి ఇంట్లో పొంగాయి అంటే 0.17 అబద్ధమని తేలినట్టు కాదు, ఆ రెండింటి మధ్యా ఖాళీ ఉంది. అయినా పిండిన అరగంటలో తెచ్చిన పాలకి 0.17 రావడం నాకు మింగుడుపడలేదు.

అనుమానం ముందు కాస్టిక్ సీసా మీదికి వెళ్లింది. కాస్టిక్ సోడా గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని కొంచెం కొంచెంగా కార్బొనేట్‌గా మారిపోతుంది. అలా మారిన కొద్దీ ద్రావణం బలం తగ్గుతుంది. బలం తగ్గిన ద్రావణంతో పరీక్ష చేస్తే అదే పాలకి ఎక్కువ మిల్లీలీటర్లు పడతాయి, అంటే పాలు పుల్లనివిగా కనిపిస్తాయి. మా బల్ల మీద ఉన్నది పెద్ద సీసా, సగానికి పైగా ఖాళీ, మూత వదులు, కిటికీ పక్కన ఎండలో. ఎప్పుడు తయారు చేశారో రాసి లేదు. కొన్న దగ్గర నుంచి వచ్చిన చీటీ కూడా దొరకలేదు.

బలం తేల్చడానికి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి. అది గాలికి పాడవదు, తూకానికి నిలుస్తుంది, అందుకే దాన్ని కొలబద్దగా పెట్టుకుంటారు. ఎన్ బై 9 బలానికి దాని లెక్క భలే సులువు, లీటరుకి సరిగ్గా 7 గ్రాములు. పక్క టౌన్లో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ మాస్టారిని అడిగితే వాళ్ల తూకం మీద 0.7 గ్రాములు తూచి, వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో డిస్టిల్డ్ వాటర్‌తో గీత దాకా నింపి ఇచ్చారు.

ఆ ఆక్సాలిక్ ద్రావణం పది మిల్లీలీటర్లు గిన్నెలో తీసుకుని, ఫినాఫ్తలీన్ వేసి, మన బ్యూరెట్లోని కాస్టిక్ వదిలాను. రెండూ సమాన బలం అయితే పదికి పది పట్టాలి. పదకొండు దాటినా రంగు రాలేదు. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. సగటున 11.1 దగ్గర గులాబీ వచ్చింది. పదిని 11.1తో భాగిస్తే 0.9, అంటే సీసాలో ఉన్న ద్రావణానికి ఉండాల్సిన బలంలో తొంభై శాతమే మిగిలింది.

ఇప్పుడు పిన్ని పాలకి ఆ లెక్క వేద్దాం. రిజిస్టర్లో 1.7 మిల్లీలీటర్లు అని ఉంది. 1.7ని 0.9తో గుణిస్తే 1.53. అంటే అసలు ఎసిడిటీ 0.15. హద్దు లోపలే ఉన్న పాలు. సీసాలో పోయిన బలం పిన్ని క్యాను మీద పడింది.

అదే వారంలో 0.17 అని వెనక్కి పోయిన మిగతా పేర్లకి కూడా ఇదే లెక్క వేశాను, అన్నీ 0.15, 0.16 మధ్యకి దిగాయి. 0.20 అని రాసినవి 0.18కి దిగాయి, అంటే అవి ఎలాగూ తీసుకోకూడని పాలే. బావ ఆ కాగితం చూసి, తప్పుగా వెనక్కి పోయిన వాళ్ల ఇళ్లకి తనే వెళ్లి చెప్పాడు. పిన్ని దగ్గరికి నేనూ వెళ్లాను. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు, "మరి రేపట్నుంచి కొత్త మందేనా?" అని మాత్రం అడిగింది.

కొత్త ద్రావణం

కాస్టిక్ సోడా బిళ్లలు తూచి లీటరుకి 4.44 గ్రాములు వేస్తే ఎన్ బై 9 వస్తుందని పుస్తకం లెక్క. చేతిలో మాత్రం అలా రాదు, ఎందుకంటే బిళ్లలు తూచేలోపే చెమ్మ పీల్చి బరువెక్కుతాయి, కళ్ల ముందే తడిగా మెరుస్తాయి. అందుకని 5 గ్రాముల దాకా వేసి కొంచెం చిక్కగా కలిపి, ఆక్సాలిక్‌తో బలం చూసి, తగినన్ని నీళ్లు కలిపి దింపుకోవాలి. నాకు మొదట పది మిల్లీలీటర్ల ఆక్సాలిక్‌కి 9.4 పట్టింది. అంటే ప్రతి 9.4 భాగాల ద్రావణానికి 0.6 భాగాల నీళ్లు చేర్చాలి. 940 మిల్లీలీటర్ల ద్రావణానికి 60 నీళ్లు పోసి కలిపాక చూస్తే పదికి పది సరిగ్గా కుదిరింది. వాడే నీళ్లు డిస్టిల్డ్ వాటరే అయినా ముందు మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చాలి, లేకపోతే నీళ్లలో కరిగి ఉన్న వాయువే సగం పని చెడగొడుతుంది.

నిల్వకి గాజు సీసా వద్దు, కాస్టిక్‌కి గాజు మూత పట్టేస్తుంది. మందపాటి ప్లాస్టిక్ సీసాలు చిన్నవి తీసుకుని నిండుగా పోసి బిగించి పెట్టాను, ఒకటి అయిపోయాకే ఇంకొకటి తెరవాలి. పెద్ద సీసా సగం ఖాళీగా ఉండటమే అసలు సమస్య, ఆ ఖాళీలో ఉన్నదంతా గాలే కదా. రాత్రి పూట బ్యూరెట్లో మిగిలింది తిరిగి సీసాలో పోయకూడదని కూడా గోడ మీద రాశాం.

రంగు దగ్గర ఆగడం

ద్రావణం సరిపోయాక మిగిలింది కన్ను. ఇక్కడ మూడు విషయాలు తేలాయి.

టెస్టింగ్ కుర్రాడు ఫినాఫ్తలీన్‌ని రెండు మూడు చుక్కలే వేస్తున్నాడు, మందు ఆదా అవుతుందని. ఇండికేటర్ తక్కువైతే లేత రంగు కంటికి ఆలస్యంగా అందుతుంది, అంతలో ఇంకో రెండు మూడు చుక్కల కాస్టిక్ పడిపోతుంది, మళ్లీ పాలే పుల్లన అని వస్తుంది. అరశాతం ద్రావణం అయితే పది మిల్లీలీటర్ల పాలకి నిండుగా ఒక మిల్లీలీటరు వేయాలి, ప్రతిసారీ అంతే వేయాలి.

రెండోది వెలుతురు. పొద్దున ఐదున్నరకి మా కౌంటర్ మీద పసుపు రంగు బల్బు వెలుగుతుంది. ఆ వెలుగులో మొదటి గులాబీ ఛాయ అసలు కనపడదు. తెల్ల ట్యూబ్‌లైట్ కిందికి బల్ల జరిపాం. గిన్నె పక్కనే ఇంకో గిన్నెలో అవే పాలు, ఇండికేటర్ వేయకుండా, పెట్టుకున్నాం. పక్కపక్కన చూస్తే తేడా ముందే దొరుకుతుంది, ఒంటి గిన్నెని చూస్తూ ఉంటే కన్ను ఆ రంగుకి అలవాటు పడిపోతుంది. ఇండియన్ స్టాండర్డ్ పద్ధతిలో ఈ పక్క గిన్నెలో రోసనిలిన్ అసిటేట్ అనే రంగు వేసి, ఆ లేత గులాబీకి సరిపోయే దాకా కలపమంటారు. అది మాకు ఇక్కడ దొరకలేదు, తెల్ల పాలతోనే సరిపెడుతున్నాం.

మూడోది ఓపిక ఎక్కువవడం. రంగు వచ్చాక పది పదిహేను సెకన్లు నిలిస్తే చాలు, అక్కడే ఆపి అంకె చదవాలి. అలాగే వదిలేస్తే రంగు మెల్లగా వెలిసిపోతుంది, అది మామూలే. పాలలోని కాల్షియం ఫాస్ఫేట్ విడిపడుతూ కాస్టిక్‌ని ఇంకా కొంచెం తినేస్తుంది. వెలిసింది కదా అని మళ్లీ చుక్కలు వేస్తూ పోతే అంతు ఉండదు. కాస్టిక్ వదలడం మొత్తం ఇరవై సెకన్లలో అయిపోవాలని అందుకే అంటారు.

గిన్నెలోకి నీళ్లు పోసి పరీక్ష చేసే అలవాటు కూడా కొన్ని చోట్ల చూశాను. పోస్తే రోజూ ఒకే కొలత పోయాలి, లేకపోతే అసలు పోయకూడదు. నీళ్లు కలిసిన కొద్దీ అదే పాలకి అంకె కొంచెం తక్కువ వస్తుంది. మేం పోయడం లేదు.

మే మధ్యలో, కొట్టాల దగ్గర

ఒక ప్రశ్న మొదట్నుంచీ తొలుస్తోంది. అప్పుడే పిండిన పాలలో పులుపు ఉండదు కదా, మరి 0.14 ఎలా వస్తుంది? ఇది రైతులు అడిగితే చెప్పాలి, చెప్పకపోతే 0.15 అంటే "పదిహేను పాళ్లు పుల్లబడ్డాయి" అనుకుంటారు. నిజానికి తాజా పాలలో లాక్టిక్ యాసిడ్ దాదాపు ఉండదు. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి, ఫాస్ఫేట్లు, సిట్రేట్లు, కరిగి ఉన్న కాస్త వాయువు, ఇవన్నీ కాస్టిక్‌ని పీల్చుకుంటాయి. ఆ పీల్చుకున్నదంతా లెక్క కోసం లాక్టిక్ యాసిడ్ లెక్కలో రాస్తాం, అంతే. ఇది పాలకి పుట్టుకతో వచ్చే ఎసిడిటీ. బ్యాక్టీరియా పాలలోని చక్కెరని తిని లాక్టిక్ యాసిడ్ చేస్తే వచ్చేది దాని మీద పైన చేరుతుంది. మనకి కావలసింది ఆ చేరిన భాగం, కానీ పరీక్ష రెండింటినీ కలిపే చూపిస్తుంది.

అంటే పుట్టుకతో ఎంత వస్తుందో తెలియకుండా మొత్తం అంకె చూసి తీర్పు చెప్పకూడదు. అందుకని ఇళ్లకి వెళ్లి, పిండగానే కొట్టం దగ్గరే శాంపిల్ తీసి, ఐస్ పెట్టెలో వేసుకుని వచ్చి వెంటనే పరీక్ష చేయడం మొదలుపెట్టాను. మా దగ్గర గేదె పాలు 0.14 నుంచి 0.16 మధ్య వచ్చాయి, ఆవు పాలు 0.12 నుంచి 0.14 మధ్య. చిక్కటి పాలలో కేసిన్, ఖనిజాలు ఎక్కువ, అందుకే గేదె పాలకి పుట్టుకతోనే ఎక్కువ. కాబట్టి 0.16 అంటే ఒక గేదెకి అప్పుడే పిండిన పాలు, ఆవుకి మాత్రం ఎక్కడో రెండు మూడు గంటలు వేడిలో నిలిచి పులుపు మొదలైన పాలు. రెండింటికీ ఒకే హద్దు పెడితే ఆవు పాలలో చెడ్డవి లోపలికి వస్తాయి, గేదె పాలలో మంచివి గుమ్మం దగ్గర ఆగిపోతాయి.

రెండు కొట్టాల్లో వింత అంకెలు వచ్చాయి. ఒకచోట గేదె ఈని నాలుగు రోజులే అయింది, 0.20 దాటింది, అది ముర్రు పాలే ఇంకా. అందులో మాంసకృత్తులు విపరీతంగా ఉంటాయి కాబట్టి తాజాగానే అంత వస్తుంది, వేడికి కూడా గడ్డ కడుతుంది. ఇంట్లో జున్ను వండుకోవాల్సిన పాలు అవి, కేంద్రానికి తేకూడదు. ఇంకోచోట ఆవు పాలు 0.10. తక్కువ వచ్చింది కదా ఇంకా మంచివనుకోవద్దు. నల్ల గుడ్డ మీద మొదటి ధారలు పిండి చూస్తే సన్న రేణువులు కనిపించాయి, పొదుగువాపు. ఆ జబ్బులో రక్తంలోని ఉప్పులు పాలలోకి దిగి ఎసిడిటీ పడిపోతుంది. పశువుల డాక్టర్ దగ్గరికి పంపాం. నీళ్లు కలిపినా అంకె పడిపోతుంది, కానీ దాన్ని లాక్టోమీటరే ముందు పట్టేస్తుంది.

ఒక్క క్యాను ఎందుకు ముఖ్యం

బావ ఒక రోజు మొహమాటంగా అడిగాడు. "వెయ్యి లీటర్లలో ఒక నలభై లీటర్ల క్యాను కొంచెం పుల్లగా ఉంటే ఏమవుద్దిరా, కలిసిపోద్ది కదా." దానికి లెక్క వేసి చూపించాను. 960 లీటర్లు 0.14 ఉన్నాయి, నలభై లీటర్లు 0.20 ఉన్నాయి. కలిపితే కూలర్లో ఎసిడిటీ 0.1424. అంటే 0.14 అనే చదువుతాం. ట్యాంకర్ వచ్చినప్పుడు పరీక్ష చేస్తే పాస్ అయిపోతుంది, ఎవరికీ కనపడదు. అసలు ప్రమాదం అదే. యాసిడ్ పలచనైంది కానీ, ఆ యాసిడ్‌ని చేసిన బ్యాక్టీరియా మొత్తం వెయ్యి లీటర్లలోకి వెళ్లిపోయింది. పాలలో ఎసిడిటీ కంటికి కనిపించేంత కదిలే సమయానికి మిల్లీలీటరుకి కోటి దాకా బ్యాక్టీరియా ఉంటుంది. చల్లదనం వాటిని నెమ్మదిస్తుంది, చంపదు. కరెంటు గంటసేపు పోయినా, ట్యాంకర్ ఆలస్యమైనా మళ్లీ పెరుగుతాయి. ఆ క్యాను విడిగా ఉన్నప్పుడు, అంటే మా కౌంటర్ దగ్గర, పట్టుకోకపోతే తర్వాత పట్టుకునే చోటు లేదు.

పుల్లబడిన పాలు డెయిరీకి ఎందుకు పనికిరావో కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. కేసిన్ చిన్నచిన్న ఉండలుగా పాలలో తేలుతూ ఉంటుంది. ఆ ఉండలన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఉండటం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. యాసిడ్ పెరిగితే ఆ నెట్టుకునే బలం తగ్గుతుంది, లోపల ఉండలని పట్టి ఉంచే కాల్షియం ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ తేడా తెలియదు. పాశ్చరైజర్‌లో 72 డిగ్రీలకి వేడెక్కగానే ఉండలు అతుక్కోవడం మొదలవుతుంది, ప్లేట్ల మీద పొర కడుతుంది, యంత్రం ఆపి కడగాలి. ఇంట్లో గిన్నెలో పాలు విరగడమే అక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది. బావ మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు.

మే చివర్లో, దూరం నుంచి వచ్చే క్యాను

కొత్త ద్రావణంతో, సరైన వెలుతురులో పరీక్ష మొదలయ్యాక కూడా ఒక ఊరి నుంచి వచ్చే ఆవు పాల క్యాను పొద్దున పూట 0.18 వస్తోంది. ఇది సీసా తప్పు కాదు. సీఓబీ ట్యూబులో విరగలేదు. 68 శాతం ఆల్కహాల్‌తో చూశాను, ఐదు మిల్లీలీటర్ల పాలకి ఐదు మిల్లీలీటర్ల ఆల్కహాల్ పోసి ఒక్కసారి తిరగేస్తే ట్యూబు గోడకి సన్నటి రవ్వ రేణువులు అంటుకున్నాయి. వేడికి నిలిచే బలం తగ్గిపోయిందని దాని అర్థం. ఆవు పాలకి మా దగ్గర పుట్టుకతో వచ్చేది 0.13 అనుకుంటే, ఇక్కడ పైన చేరింది 0.05. తీసుకోకూడదు, తీసుకోలేదు.

పాలు తెచ్చే బాబాయ్‌తో కూర్చుని మాట్లాడితే సంగతి బయటపడింది. సాయంత్రం పాలు కేంద్రం మూసేలోపు తేలేని రోజుల్లో ఆ కొద్ది పాలని క్యాన్లోనే రాత్రి ఉంచి, పొద్దున పాలు దాని మీద పోస్తున్నారు. రాత్రి ముప్పై డిగ్రీలు తగ్గని ఎండాకాలంలో పది గంటలు నిలిచిన పాలు అవి. నాలుగు లీటర్ల రాత్రి పాలు ఇరవై లీటర్ల పొద్దున పాలని పట్టుకుపోతున్నాయి. "సోడా ఉప్పు చిటికెడు వేస్తే మీ పరీక్షలో పాస్ అవుద్దని ఒకాయన చెప్పాడు, నేను మాత్రం వెయ్యలేదయ్యా" అన్నాడు.

వేయనందుకు ఆయనకి నమస్కారం పెట్టాను. వేసుంటే నిజంగానే పాస్ అయ్యేది. సోడా యాసిడ్‌ని చంపేస్తుంది, అంకె 0.14కి దిగుతుంది, బ్యాక్టీరియా అలాగే ఉంటుంది, పాలల్లో కలపకూడనిది కలుస్తుంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అలాంటివేవీ పాలలో ఉండకూడదు. ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇక్కడ దెబ్బతింటాం. అందుకని రోసోలిక్ యాసిడ్ తెప్పించాను. ఐదు మిల్లీలీటర్ల పాలు, అంతే ఆల్కహాల్, రెండు మూడు చుక్కల ఒక శాతం రోసోలిక్ ద్రావణం. మామూలు పాలైతే గోధుమ రంగు, సోడా కలిసి ఉంటే గులాబీ ఎరుపు. ఎసిడిటీ 0.12 కంటే తక్కువ వచ్చిన ప్రతి శాంపిల్‌కీ, ఎప్పుడూ ఎక్కువ వచ్చే చోటు నుంచి హఠాత్తుగా తక్కువ వచ్చిన శాంపిల్‌కీ ఇది చేస్తున్నాం.

బాబాయ్ ఊళ్లో ఇప్పుడు సాయంత్రం పాలకి వేరే క్యాను పెట్టారు. తేలేని రోజు ఆ పాలు ఇంట్లోనే తోడేసుకుంటున్నారు. పొద్దున క్యాను 0.14కి దిగింది.

జూన్, వరుస తగ్గించడం

ప్రతి రైతుకీ బ్యూరెట్‌తో పూర్తి పరీక్ష చేస్తే పొద్దున పూట వరుస రోడ్డు దాకా పోతోంది. పాలు ఎండలో నిలబడటం కూడా మంచిది కాదు కాబట్టి తొందర పరీక్ష ఒకటి పెట్టాం. గిన్నెలో పది మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఫినాఫ్తలీన్, సిరంజితో సరిగ్గా 1.6 మిల్లీలీటర్ల కాస్టిక్. కలపగానే గులాబీ ఛాయ ఉంటే 0.16 లేదా అంతకంటే తక్కువ, క్యాను కూలర్లోకి. తెల్లగానే ఉంటే హద్దు దాటింది, అప్పుడు ఆ ఒక్క శాంపిల్‌కే బ్యూరెట్ పరీక్ష, రైతు ముందే, మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా. ఆవు పాలకి సిరంజిలో 1.5 దగ్గరే ఆపుతున్నాం, ఇది మా కొట్టాల అంకెలు చూసి మేమే పెట్టుకున్న హద్దు. ఇండికేటర్‌ని ముందే కాస్టిక్ సీసాలో కలిపి ఉంచితే ఇంకా తొందరగా అవుతుంది కానీ, కాస్టిక్‌లో నిలిచిన ఫినాఫ్తలీన్ రంగు మెల్లగా చచ్చిపోతుంది, అందుకే విడిగానే వేస్తున్నాం.

శాంపిల్ తీయడం గురించి ఒక మాట. క్యానుని ప్లంజర్‌తో అడుగు దాకా కలిపాకే గరిటె ముంచాలి. మీగడ పైకి తేలిన క్యానులో పై పాలు, కింది పాలు ఒక్కటి కావు.

ఇంకా మిగిలి ఉన్నవి

ఆవుకీ గేదెకీ వేరు హద్దులు పెట్టమని చిల్లింగ్ సెంటర్‌కి మా కొట్టాల అంకెలతో ఉత్తరం రాశాం. ఆవు పాలకి మేం వాడుతున్న 0.15ని వాళ్లు ఒప్పుకోవాలి, గేదె పాలకి 0.16 దాటి 0.17 వచ్చి, ఆల్కహాల్‌లోనూ సీఓబీలోనూ నిలిచిన పాలని ఏం చేయాలో వాళ్లే చెప్పాలి. జవాబు వచ్చేదాకా 0.17 గేదె పాలని తీసుకోవడం లేదు, కానీ రిజిస్టర్లో మూడు పరీక్షల ఫలితం రాసి రైతుకి కాపీ ఇస్తున్నాం.

ఆక్సాలిక్ పరీక్ష సోమవారం సోమవారం జరుగుతోంది. రిజిస్టర్లో దానికి ఒక గడి పెట్టాం, పదికి ఎంత పట్టిందో రాయాలి, 10.2 దాటితే ఆ సీసా పారబోసి కొత్తది తెరవాలి. వాన మొదలయ్యాక గాలిలో చెమ్మ పెరుగుతుంది కాబట్టి బిళ్లల డబ్బాకి ఇంకో గాలి చొరని డబ్బా కొనాలి. సాయంత్రం పాలు తేలేకపోతున్న రెండు ఊళ్లకి చిన్న చిల్లర్ పెట్టించడం గురించి బావ వాళ్లతో మాట్లాడుతున్నాడు, కుదిరితే ఆ ఊళ్ల అంకెలు ముందు, తర్వాత ఇక్కడే రాస్తాను.